సెలవులో ఉన్నప్పుడు మెయిలుకు వెళ్లే జవాబు: ఎప్పుడు వస్తారు, అంతవరకు ఎవరు చూస్తారు

ప్రశ్న:

అయ్యా, నేను పర్లాకిమిడిలో ఒక జీడిపప్పు వ్యాపార సంస్థలో ఆర్డర్లు, బిల్లులు, లారీల కాగితాలు చూస్తుంటాను. మా కొనుగోలుదారులలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వాళ్లు. వారితో రాతకోతలన్నీ జీమెయిల్‌లో తెలుగులోనే జరుగుతాయి. ఈ జూలై 13 నుంచి 18 వరకు సెలవు పెట్టాను. మెయిలుకు దానంతట అదే వెళ్లే జవాబు ఇలా రాసుకున్నాను: “నమస్కారం. మా అత్తగారి కంటి ఆపరేషన్ నిమిత్తం 13/7 నుంచి 18/7 వరకు విశాఖపట్నంలో ఉంటాను. మెయిళ్లు అప్పుడప్పుడు మాత్రమే చూడగలను. అత్యవసరమైతే మా ఆఫీసును సంప్రదించగలరు. మీకు కలిగిన అసౌకర్యానికి క్షమించండి.” మా మేనేజరు గారు ఇది చదివి బాగాలేదు, మార్చమన్నారు గానీ ఏం మార్చాలో చెప్పలేదు. మీరు చెప్పగలరా?
— ఒక పాఠకురాలు, గజపతి జిల్లా

సమాధానం:

అమ్మా, మీ ముసాయిదాలో మర్యాదకు లోటు లేదు. లోటు ఎక్కడుందంటే, అది చదివిన కొనుగోలుదారుకు మీ ఇంటి సంగతి తెలుస్తుంది కానీ, తన పని సంగతి తెలియదు. మీ మేనేజరు గారు ఏ ఉద్దేశంతో అన్నారో నేను చెప్పలేను గానీ, అవతలివైపు కూర్చుని చదివితే నాకు కనబడినవి ఇవి.

ముందుగా తేదీల సంగతి చూద్దాం. “13 నుంచి 18 వరకు” అన్నప్పుడు 18న మీరు పనిలో ఉంటారా, ఉండరా అన్నది చదివేవారి ఊహకే వదిలేసినట్లు అవుతుంది. 18 శనివారం, మరుసటి రోజు ఆదివారం కాబట్టి మీరు నిజానికి మీ కుర్చీలో కూర్చునేది జూలై 20, సోమవారం ఉదయం. కొనుగోలుదారుకు కావలసింది ఆ ఒక్క తేదీ. సెలవు ఎప్పుడు మొదలైందో అతనికి పెద్దగా అక్కరలేదు, ఎందుకంటే మీ జవాబు అతనికి చేరిందంటేనే సెలవు మొదలైందని అర్థం. అందువల్ల తిరిగి వచ్చే రోజును వారం పేరుతో సహా, నెలను అంకెతో కాక అక్షరాలతో, “జూలై 20, సోమవారం” అని రాయండి. 13/7, 18/7 లాంటివి మనవాళ్లకు తికమక పెట్టకపోవచ్చు గానీ, నెల ముందు రాసే అలవాటున్న వాళ్లకు 7/8 లాంటి తేదీ ఆగస్టు ఏడో, జూలై ఎనిమిదో తెలియదు. ఈ జవాబు మీ పాత ఖాతాదారులకే కాక ఎవరు రాసినా వెళుతుంది గనుక, అక్షరాలతో రాయడమే క్షేమం.

తిరిగి వచ్చే తేదీ ఒకటి, జవాబు ఇవ్వగలిగే తేదీ మరొకటి. ఈ తేడాను చాలామంది పట్టించుకోరు. ఆరు పనిదినాల మెయిళ్లు పేరుకుని ఉండగా సోమవారం ఉదయమే అందరికీ జవాబు వస్తుందని ఆశ పెట్టడం సరికాదు. మీ విషయంలో ఇంకొక చిక్కు కూడా ఉంది. మీ సంస్థ నెలనెలా జీఎస్టీ రిటర్ను వేసేదైతే, జూన్ నెల జీఎస్టీఆర్-3బీకి గడువు సరిగ్గా జూలై 20. బిల్లులు చూసే మనిషి ఆ రోజు కొనుగోలుదారుల మెయిళ్లు తీరిగ్గా చదివే పరిస్థితిలో ఉండరు. కాబట్టి “జూలై 20న విధులకు వస్తాను, జూలై 22, బుధవారంలోపు మీ మెయిలుకు జవాబు ఇస్తాను” అని రెండు తేదీలూ చెప్పండి. మంగళవారమే జవాబు ఇచ్చారనుకోండి, ఎవరూ నొచ్చుకోరు.

సరిహద్దు జిల్లాలలో పనిచేసేవారు తప్పక గుర్తుంచుకోవలసింది మరొకటి ఉంది. ఈ 2026లో రథయాత్ర జూలై 16, గురువారం వచ్చింది. ఒడిశాలో అది సెలవు రోజు. మీ ఆఫీసు మూసి ఉంటుంది. సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నంలో అడుగుపెడితే అటువైపు మామూలుగా పనులు నడిచే రోజు. విశాఖపట్నంలోని కొనుగోలుదారుకు ఈ సంగతి తట్టకపోవచ్చు. మీరు లేరని తెలుసుకుని, మీరు చెప్పిన మరో మనిషికి గురువారం ఉదయం ఫోన్ చేసి, ఎవరూ ఎత్తకపోతే, ఆ సంస్థలో అడిగేవాడే లేడని అనుకుంటాడు. మీ ఆంధ్ర కొనుగోలుదారుల కోసం ఆ ఒక్క వాక్యం జవాబులో ఉండాలి.

“మెయిళ్లు అప్పుడప్పుడు మాత్రమే చూడగలను” అన్న వాక్యాన్ని మాత్రం పూర్తిగా తీసివేయమని నా సలహా. ఇది దాదాపు ప్రతి సెలవు జవాబులోనూ కనిపిస్తుంది, అయినా చదివేవారికి అక్కరకు రాదు. అప్పుడప్పుడు అంటే రాత్రి చూస్తారా, రెండు రోజులకొకసారి చూస్తారా? ఆగాలా, వేరే మనిషిని పట్టుకోవాలా? తేల్చుకోలేక అతను రెండూ చేస్తాడు. మీకు మరోసారి రాస్తాడు, ఆఫీసుకూ ఫోన్ చేస్తాడు. చూస్తే చూస్తానని, చూడకపోతే చూడనని తేల్చి చెప్పండి. ఆసుపత్రి పనిలో ఉండబోతున్నారు కాబట్టి చూడనని చెప్పడమే మేలు. అలా చెప్పాక మాటకు కట్టుబడాలి. మంగళవారం రాత్రి ఖాళీ దొరికిందని ఒకరికి జవాబు పెడితే, ఆ ఒక్కరు మిగిలిన వారమంతా మీకే రాస్తారు, మీ స్థానంలో ఉన్న మనిషిని లెక్కచేయరు.

ఇప్పుడు అసలు బరువైన విషయానికి వద్దాం. “అత్యవసరమైతే మా ఆఫీసును సంప్రదించగలరు” అన్నారు. ఆఫీసులో ఎవరిని? ఏ నంబరుకు? ఆ మనిషికి ఏ పని చేయగల అధికారం ఉంది? ఒక సందర్భాన్ని తీసుకుని చివరిదాకా నడిపి చూద్దాం. జూలై 14, మంగళవారం సాయంత్రం మీ సంస్థ నుంచి విశాఖపట్నానికి సరుకుతో లారీ బయలుదేరిందనుకోండి. దారిలో లారీ చెడిపోయి, సరుకును వేరే లారీలోకి మార్చవలసి వచ్చింది. అప్పుడు సరుకు రవాణాకు ఉండాల్సిన ఈ-వే బిల్లులో కొత్త వాహనం నంబరు చేర్చాలి; అది చేర్చకుండా బండి కదిలితే తనిఖీలో ఆగిపోతుంది. దూరం 200 కిలోమీటర్ల లోపు గనుక ఆ ఈ-వే బిల్లు చెల్లుబాటు మరుసటి రోజు అర్ధరాత్రితో ముగుస్తుంది. అంటే ఈ పని మీరు తిరిగి వచ్చేదాకా ఆగేది కాదు, కొన్ని గంటల్లో జరగవలసినది. కొనుగోలుదారు కంగారుగా మీకు మెయిలు పెడతాడు. మీ జవాబు వెంటనే వస్తుంది. అందులో డిస్పాచ్ చూసే సహోద్యోగి పేరు ఉందనుకోండి. అతనికి ఫోన్ చేస్తాడు. ఆయన ఎత్తుతారు, మర్యాదగా మాట్లాడతారు, పోర్టల్ తెరుస్తారు. అక్కడ లాగిన్‌కు ఓటీపీ అడుగుతుంది. ఆ ఓటీపీ వచ్చేది మీ ఫోనుకు. మీరేమో కంటి ఆసుపత్రిలో, ఫోను సంచిలో.

ఈ-వే బిల్లు పోర్టల్‌లో ఓటీపీతో కూడిన లాగిన్ 2025 ఏప్రిల్ 1 నుంచి అందరికీ తప్పనిసరి అయింది. అది ఏ ఫోను నంబరు నమోదై ఉంటే దానికే పోతుంది. కాబట్టి మీ జవాబులో సహోద్యోగి పేరు రాయక ముందే, సంస్థ ఖాతా కింద ఆయన పేరున, ఆయన ఫోను నంబరుతో ఒక సబ్-యూజర్‌ను తయారు చేయించండి. ఆయన దానితో ఒకసారి లాగిన్ అయి, ఒక ఈ-వే బిల్లు మీ ముందే చేయాలి. ఈ పని సెలవుకు ముందు వారమే పూర్తి కావాలి, చివరి శనివారం సాయంత్రం కాదు. రవాణాదారుకు ఈ-వే బిల్లు అప్పగించి ఉంటే వాహనం నంబరు మార్పు అతనే చేయగలడు; ఆ ఏర్పాటు మీ దగ్గర ఉందో లేదో కూడా కనుక్కోండి. మరో మనిషి పేరు రాయడం అంటే ఆ పని ఆ మనిషి చేయగలడని మీ సంస్థ తరఫున హామీ ఇవ్వడమే. ఆ హామీ నిలబడేది రాసిన మాటలతో కాదు, వెనుక ఉన్న లాగిన్లతో, అనుమతులతో.

మరో మనిషిని ఎంచుకునేటప్పుడు పనిని బట్టి ఇద్దరిని చెప్పండి, అంతకు మించి వద్దు. సరుకు, లారీ, కొత్త ఆర్డర్లకు ఒకరు. బిల్లులు, చెల్లింపులకు ఒకరు. ముగ్గురు నలుగురి పేర్లు ఇస్తే చదివేవాడు ఎవరిని అడగాలో తేల్చుకోలేక అందరికీ రాస్తాడు, ఒకరు చూస్తారులే అని అందరూ ఊరుకుంటారు. ఆ ఇద్దరినీ ముందుగా అడిగి, ఒప్పుకున్న తరువాతే పేరు వేయండి. వారిలో ఎవరైనా అదే వారంలో సెలవు పెట్టారేమో చూడండి. రథయాత్రకు పూరీ వెళ్లేవాళ్లు మీ ఆఫీసులో ఒక్కరూ ఉండరని నేను అనుకోను. గురువారం ఆఫీసు మూసి ఉన్నా దారిలో ఉన్న లారీల కోసం ఎవరి ఫోనైనా పనిచేయాలా అన్నది మీ మేనేజరు గారితో మాట్లాడి తేల్చుకోండి. పనిచేయాలంటే ఎవరిదో ముందే అనుకోవాలి.

వారికి మీరు అప్పగించే కాగితం కూడా ఈ జవాబులో భాగమే అనుకోండి. అందులో పెండింగులో ఉన్న ఒక్కొక్క ఆర్డరుకు, ఎంత సరుకు, ఏ రకం, ఎప్పుడు పంపాలి, ఎంత సొమ్ము రావాలి, చివరిసారి కొనుగోలుదారుతో ఏం మాట్లాడారు అన్నది రెండు మూడు వాక్యాల్లో ఉండాలి. 320 రకం పప్పు ధర తగ్గించమని ఒకాయన అడిగితే, మీరు చూద్దాం అని ఉంటే, ఆ సంగతి కాగితంలో లేకపోతే మీ సహోద్యోగి తెలియక ఒప్పుకోవచ్చు, లేదా తెలియక కాదనవచ్చు. ఏ విషయంలో వారు సొంతంగా నిర్ణయం తీసుకోవచ్చో, ఏ విషయంలో మేనేజరు గారిని అడగాలో కూడా రాసి పెట్టండి.

చెల్లింపులు చూసే సహోద్యోగికి ఒక హెచ్చరిక నోటితో చెప్పండి. ఫలానా మనిషి ఫలానా తేదీ దాకా లేరు, ఆ పని ఫలానా వారు చూస్తున్నారు అన్న సమాచారం మోసగాళ్లకూ చేరుతుంది, ఎందుకంటే వాళ్లు పంపిన మెయిలుకు కూడా ఈ జవాబు వెళుతుంది. అప్పుడు మీ పేరు పెట్టుకుని, లేదా మీరు జీడిగింజలు కొనే వ్యాపారి పేరు పెట్టుకుని, “బ్యాంకు ఖాతా మారింది, ఈసారి సొమ్ము ఈ ఖాతాకు వేయండి” అని మీ సహోద్యోగికి రాయడం వాళ్లకు సులువు. సంగతి తెలిసిన మనిషి సెలవులో ఉన్నాడని తెలిసినప్పుడే ఇలాంటి మెయిళ్లు ఎక్కువ పనిచేస్తాయి. ఖాతా మార్పు అడిగే మెయిలు ఎవరి పేరున వచ్చినా, అందులో ఇచ్చిన నంబరుకు కాక, మీ పుస్తకంలో పాతగా ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగకుండా సొమ్ము కదపవద్దని చెప్పండి. ఈ హెచ్చరికను సెలవు జవాబులోనే పెట్టాలని కొందరు అంటారు. నాకు అది నచ్చదు. కొత్తగా ఆర్డరు అడుగుతున్నవారికి మొదటి మాటే మోసాల గురించి చెప్పడం బాగుండదు.

ఇదే కారణంగా అత్తగారి ఆపరేషన్ ప్రస్తావన, విశాఖపట్నంలో ఉంటారన్న మాట, రెండూ తీసివేయండి. ఇల్లు తాళం వేసి ఉందని, మీరు ఏ ఊళ్లో ఉన్నారని ముక్కూమొహం తెలియనివారికి చెప్పవలసిన పని లేదు. కొనుగోలుదారులు విశాఖపట్నం వాళ్లైతే మరొక ఇబ్బంది ఉంది: మా ఊళ్లోనే ఉన్నారు కదా, ఒకసారి కలుద్దాం అని ఎవరో ఒకరు అంటారు. సెలవులో ఉన్నానంటే చాలు. కారణం అడిగే హక్కు కొనుగోలుదారుకు లేదు, చెప్పకపోవడం మర్యాద తక్కువ కాదు. చివర ఉన్న క్షమాపణ కూడా అవసరం లేదు. ఎవరికి రాయాలో, ఎప్పుడు జవాబు వస్తుందో చెప్పిన తరువాత అతనికి కలిగే అసౌకర్యం ఏమీ మిగలదు. దానికి బదులు మెయిలు అందిందని, ధన్యవాదాలని మొదట్లో ఒక్క మాట రాయండి. “దయచేసి” అన్నది ఒక్కచోట ఉంటే సరిపోతుంది. ప్రతి వాక్యంలోనూ వస్తే వినయం కన్నా భయం ఎక్కువ కనబడుతుంది. నవ్వు పుట్టించే మాటలు, మామిడి తోటలో విశ్రాంతి తీసుకుంటున్నాను లాంటివి స్నేహితులకు బాగుంటాయి గానీ, సొమ్ము రావలసి ఎదురుచూస్తున్న వ్యాపారికి బాగుండవు.

ఇవన్నీ కలిపితే మీ జవాబు ఇలా ఉండవచ్చు. ఖాళీలలో మీ సహోద్యోగుల పేర్లు, ఆఫీసు నంబరు నింపుకోండి. మెయిలు చిరునామాలు ఉదాహరణకు ఇచ్చినవే.

విషయం: సెలవులో ఉన్నాను, జూలై 20, సోమవారం తిరిగి వస్తాను

నమస్కారం.

మీ మెయిలు అందింది, ధన్యవాదాలు. నేను ప్రస్తుతం సెలవులో ఉన్నాను. 2026 జూలై 20, సోమవారం ఉదయం తిరిగి విధులకు వస్తాను. సెలవు రోజులలో మెయిళ్లు చూడను. మీ మెయిలుకు జూలై 22, బుధవారంలోపు జవాబు ఇస్తాను.

అంతవరకు ఆగడానికి వీలులేని పనులకు దయచేసి వీరిని సంప్రదించండి.

కొత్త ఆర్డర్లు, లారీలు, ఈ-వే బిల్లులకు: శ్రీ ______ గారు, డిస్పాచ్ విభాగం, dispatch@example.com, ఆఫీసు ఫోను ______, ఉదయం 10 నుంచి సాయంత్రం 6 వరకు.

బిల్లులు, చెల్లింపులకు: శ్రీమతి ______ గారు, అకౌంట్స్ విభాగం, accounts@example.com, ఫోను, వేళలు పైవే.

జూలై 16, గురువారం రథయాత్ర సందర్భంగా మా కార్యాలయానికి సెలవు. ఆ రోజు దారిలో ఉన్న లారీల విషయానికి మాత్రం డిస్పాచ్ ఫోను పనిచేస్తుంది.

భవదీయురాలు
______
ఆర్డర్లు, బిల్లింగ్ విభాగం

తిరిగి వచ్చే తేదీని విషయం వరుసలోనే పెట్టాను, చూశారా. ఫోనులో మెయిళ్ల జాబితా చూసే వ్యాపారి, మెయిలు తెరవకుండానే, ఆగవచ్చో లేదో తేల్చుకుంటాడు. మొదటి పేరాలో తేదీ, రెండవ దానిలో మనుషులు. ఈ క్రమం మార్చకండి. ఒరియా మాత్రమే చదివే వ్యాపారులు కూడా మీకు రాస్తుంటే, దీని కింద అదే సమాచారాన్ని వారి భాషలో నాలుగు వాక్యాల్లో పెట్టండి. ఆపైన మూడో భాష చేర్చితే ఎవరిదీ ఎవరూ చదవరు.

ఇక జీమెయిల్‌లో దీనిని పెట్టే పద్ధతి. కంప్యూటరులో కుడివైపు పైన ఉన్న చక్రం గుర్తు నొక్కి See all settings తెరిస్తే, General అనే భాగంలో కిందికి వెళితే Vacation responder కనబడుతుంది. Vacation responder on ఎంచుకుని, First day దగ్గర జూలై 12 పెట్టండి, ఎందుకంటే శనివారం సాయంత్రం మీరు ఆఫీసు విడిచాక ఆదివారం వచ్చే మెయిలుకూ జవాబు వెళ్లాలి. Last day పక్కన ఉన్న గడిలో టిక్కు పెట్టి జూలై 19 వేయండి. ఈ జవాబు మొదటి రోజు అర్ధరాత్రి 12 గంటలకు మొదలై చివరి రోజు రాత్రి 11:59 దాకా వెళుతుంది కాబట్టి, సోమవారం ఉదయానికి అదే ఆగిపోతుంది. Last day వేయకపోతే మీరు ఆపేదాకా అది పోతూనే ఉంటుంది, ఆగస్టులో కూడా జూలై 20న వస్తానని చెబుతూ. అన్నీ నింపాక అడుగున Save Changes నొక్కడం మరువకండి.

దాని కింద Only send a response to people in my Contacts అన్న గడి ఉంటుంది. టిక్కు పెడితే మీ చిరునామాల జాబితాలో ఉన్నవారికి మాత్రమే జవాబు వెళుతుంది. మోసగాళ్లు తగ్గుతారు, నిజమే. కానీ మొదటిసారి ఆర్డరు అడిగే కొత్త వ్యాపారికి ఏ జవాబూ రాదు. సరుకు అమ్మే సంస్థ కాబట్టి మీరు టిక్కు పెట్టవద్దనే అంటాను. ఎవరు చదివినా నష్టం లేకుండా జవాబును రాసుకున్నది అందుకే.

ఒకే మనిషి మళ్లీ మళ్లీ రాస్తే జీమెయిల్ ప్రతిసారీ జవాబు పంపదు. నాలుగు రోజుల తరువాత అతను మరోసారి రాస్తేనే మళ్లీ పంపుతుంది. సోమవారం జవాబు అందుకున్నవారు మంగళవారం మరో మెయిలు పెడితే ఏమీ రాదు. కాబట్టి ఆ మొదటి జవాబులోనే రథయాత్ర సంగతితో సహా అన్నీ ఉండాలి. బుధవారం గుర్తొచ్చి చేర్చుదామనుకుంటే మరో చిక్కు వస్తుంది. మధ్యలో విషయం వరుస గానీ జవాబు గానీ మారిస్తే లెక్క మొదటికి వచ్చి, అంతకు ముందు అందుకున్నవారు మళ్లీ రాసినప్పుడు మళ్లీ పోతుంది.

మీకు సంతకం పెట్టుకునే అలవాటు ఉంటే ఒకసారి చూసుకోండి. జీమెయిల్‌లో మెయిళ్ల అడుగున పెట్టుకున్న సంతకం ఈ జవాబు కింద కూడా చేరుతుంది. జవాబులో సొంత ఫోను నంబరు ఎంత జాగ్రత్తగా వదిలేసినా, సంతకంలో ఉంటే అది కొనుగోలుదారులందరి చేతికీ పోతుంది. ఆ వారానికి నంబరు తీసేయండి, పేరు రెండుసార్లు పడకుండా కూడా చూసుకోండి.

పెట్టేశాక పరీక్షించడం తప్పనిసరి. శనివారం సాయంత్రం పని ముగిశాక First day ను ఆ రోజుకే మార్చి, ఇంట్లోవాళ్ల మెయిలు నుంచి మీ ఆఫీసు చిరునామాకు ఒక మాట రాయండి. వచ్చిన జవాబును ఫోనులో తెరిచి తేదీలు, పేర్లు, సంతకం సరిగా కనబడుతున్నాయో చూసి, అందులో ఇచ్చిన రెండు చిరునామాలకూ నిజంగానే మెయిలు పంపి, అవి చేరాయో లేదో కనుక్కోండి. చిరునామాలో ఒక అక్షరం తప్పడం చాలా మామూలుగా జరిగే పొరపాటు. సెలవు జవాబులో దానిని ఎవరూ సరిదిద్దరు. అన్నీ సరిగా ఉన్నాయనుకుంటే First day ను 12కు తిరిగి మార్చనక్కరలేదు, శనివారం సాయంత్రం నుంచే పోనివ్వండి.

ఈ జవాబు చేయలేని పని ఒకటి ఉంది. అది కొత్తగా వచ్చిన మెయిలుకే పోతుంది. ఇప్పటికే మీతో సగంలో ఉన్నవారికి వారంతట వారు రాసేదాకా ఏమీ తెలియదు. ఆ వారంలో సరుకు బయలుదేరాల్సినవాళ్లు, బాకీ తీర్చాల్సినవాళ్లు, ధర మాట్లాడుతూ ఆగినవాళ్లు ఎవరెవరో చూసి, శుక్రవారం లోపు ఒక్కొక్కరికీ విడిగా, “మీ ఆర్డరును డిస్పాచ్ చూసే ______ గారికి అప్పగించాను, వారికి కాపీ పెట్టాను” అని అదే మెయిలు వరుసలో రాయండి. కాపీ పెట్టడం వల్ల పాత మాటలన్నీ మీ సహోద్యోగి చేతిలో ఉంటాయి. వాట్సాప్‌లో మాట్లాడే కొనుగోలుదారులకు అక్కడా అవే తేదీలు చెప్పండి. మెయిలులో 20 అని, వాట్సాప్‌లో 19 అని ఉంటే అతను 19నే నమ్ముతాడు.

జూలై 20 ఉదయం వచ్చాక జీమెయిల్ పైన ఉండే సెలవు జవాబు పట్టీ పోయిందో లేదో మొదట చూడండి. అది ఇంకా కనబడుతుంటే చివరి తేదీ సరిగా పడలేదని అర్థం. దానిలోనే End now నొక్కితే ఆగుతుంది. ఆ తరువాత మెయిళ్లు తెరవక ముందే డిస్పాచ్, అకౌంట్స్ సహోద్యోగులతో కూర్చుని, వారు ఎవరెవరికి ఏం జవాబిచ్చారో రాసుకోండి. లేకపోతే వారు మంగళవారమే తేల్చిన ఆర్డరుకు మీరు సోమవారం వేరే ధర చెప్పే ప్రమాదం ఉంది. వారు ముగించిన మెయిళ్లను పక్కన పెట్టి, మిగిలినవాటిలో పాతవి ముందుగా చూసుకుంటూ వస్తే, జీఎస్టీ రిటర్ను పని సాయంత్రానికి ముగించుకున్నా, బుధవారం నాటికి మీరు చెప్పిన గడువు అందుతుంది.